నాలుగు ఫొటోలు, ఒక కేకు

“మేడమ్, ఈ నాలుగు మోడల్స్‌లో ఏదైనా పర్లేదండి. మీకు వీలైంది చేసేయండి.”

ఇంట్లో కేకులు చేసి అమ్మే మాలాంటివాళ్ల ఫోన్లకి ఇలాంటి మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. పంపినవాళ్లు మాకు పని తేలిక చేశామనే అనుకుంటారు. తీరా ఫొటోలు తెరిస్తే నాలుగూ నాలుగు రకాల పనులు. ఒకటి గంటలో అలంకరణ అయిపోయేది. ఇంకొకటి మూడు నాలుగు రోజుల ముందు మొదలుపెట్టాల్సింది. మరొకటి మన ఎండకి నిలవనిది. నాలుగోది అసలు కేకే కాదు. ధరలోనూ అంతే తేడా. అందుకే “ఏదైనా పర్లేదు” అన్నవాళ్లే రేటు చెప్పగానే “ఫొటోలో మామూలుగానే ఉంది కదండీ” అంటారు.

ఫొటోలో కంటికి కనపడేది అలంకరణ. దాని వెనక మూడు సంగతులు ఉంటాయి: కేకు పైన పూసింది ఏమిటి, దాన్ని నిలబెడుతున్నది ఏమిటి, దాని మీద చేతిపని ఎన్ని గంటలు. ఈ మూడింటినీ ఫొటోలోంచి రాబట్టడానికి కేకు చేయడం వచ్చి ఉండక్కర్లేదు. ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

ఒక ఆర్డర్ తీసుకుని చూద్దాం. విజయవాడ, మే నెల నడుమ, పాపకి మొదటి పుట్టినరోజు. సాయంత్రం 7 గంటలకి ఇంటి మేడ మీద షామియానా వేసి ఫంక్షన్. పిల్లా పెద్దా కలిపి 70 మంది. నాయనమ్మ గుడ్డు ముట్టుకోదు కాబట్టి ఎగ్‌లెస్ కావాలి. కేకు చేసే ఆవిడ ఇల్లు 9 కిలోమీటర్ల దూరం. చేతిలో ఉన్నది 6 రోజులు. ఇంట్లోవాళ్లు నెట్‌లో వెతికి నాలుగు ఫొటోలు పక్కన పెట్టుకున్నారు.

మొదటిది మూడు స్టెప్పుల తెల్లటి కేకు. అంచులు కత్తితో కోసినట్టు పదునుగా ఉన్నాయి, పక్కన గులాబీ రంగు పియొనీ పూలు, అక్కడక్కడా బంగారు మెరుపు. ఎక్కడో చల్లటి దేశంలో పచ్చిక మీద తీసిన ఫొటో. రెండోది రెండు స్టెప్పుల అడవి కేకు: సింహం, ఏనుగు, జిరాఫీ, కోతి, చుట్టూ ఆకులు. మూడోది ఒకే స్టెప్పు, చుట్టూ లేత రంగుల క్రీము గులాబీలు, పైన కాగితపు సీతాకోకచిలుకలు, “1” అంకె. నాలుగోది కోట. ఏడెనిమిది బురుజులు, కిటికీల్లోంచి వెలుగు.

పైన పూసింది ఏమిటి?

ఫొటోని వేళ్లతో పెద్దది చేసి ముందుగా కేకు పై అంచు చూడండి. పక్క గోడ, పై భాగం కలిసే చోట కేకు దేనితో కప్పి ఉందో తెలిసిపోతుంది.

ఆ అంచు మెత్తగా వంపు తిరిగి, ఎక్కడా మెరుపు లేకుండా, గీత లేకుండా నున్నగా ఉంటే అది చాలావరకు ఫాండెంట్. అంటే చక్కెర ముద్దని చపాతీలా ఒత్తి కేకు మీద కప్పడం. కింది అంచున కోసిన చోటు కనపడకుండా చుట్టూ రిబ్బనో, చిన్న చిన్న ఉండల వరసో ఉంటుంది. మన రెండో ఫొటో ఇదే.

అంచు పదునుగా ఉండి, గోడ మీద సన్నటి గాలి రంధ్రాలో, స్క్రేపర్ లాగిన ఆనవాళ్లో ఉంటే అది బటర్‌క్రీమ్ కానీ, చాక్లెట్ గనాష్ కానీ అయి ఉంటుంది. మొదటి ఫొటో ఈ కోవలోది. అంచు కొంచెం మెత్తబడి, తెలుపులో చిన్న నిగారింపు ఉండి, క్రీము మడతలు మరీ పదునుగా లేకపోతే అది విప్పింగ్ క్రీమ్. బేకరీకి వెళ్లి కూల్ కేకు అని అడిగితే ఇచ్చేది ఇదే. మూడో ఫొటోని దీనితో అచ్చంగా చేయవచ్చు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఒకదానితో చేసిన డిజైన్ ఇంకొకదానితో అదే రూపంలో రాదు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. మే నెలలో విజయవాడ పగటి ఎండ 40 దాటుతుంది. సూర్యుడు దిగాక కూడా మేడ గచ్చు వేడి వదులుతూనే ఉంటుంది. మొదటి ఫొటోలోని పదునైన అంచు అక్కడ గుండ్రమవుతుంది, గోడకి అతికించిన అలంకరణ కిందికి జారుతుంది. “అయితే విప్పింగ్ క్రీమ్‌తో అదే మోడల్ చేసేయండి” అంటే అదీ కుదరదు. ఆ క్రీములో ఉండేది ఎక్కువగా గాలి. మూడు స్టెప్పుల మీద కత్తి అంచు తీసినా, పెట్టె తెరిచేసరికి అది ఉండదు.

ఫాండెంట్ ఎండకి కరగదన్నది సగం నిజం. దాని కింద ఏముందన్నది చూసుకోవాలి. విప్పింగ్ క్రీమ్ మీద ఫాండెంట్ కప్పితే తడి పైకి ఊరి, చక్కెర మెత్తబడి, ముడతలు పడి జారుతుంది. అందుకే తెలిసినవాళ్లు కింద గనాష్ పూస్తారు. డార్క్ చాక్లెట్ అయితే మామూలుగా రెండు పాళ్ల చాక్లెట్‌కి ఒక పాలు క్రీము, వైట్ చాక్లెట్ అయితే మూడు పాళ్లకి ఒక పాలు. ఎండాకాలంలో చాక్లెట్ పాలు ఇంకొంచెం పెంచుతారు.

ఇంకో చిక్కు ఫ్రిజ్. చల్లబడిన ఫాండెంట్ కేకుని కోస్తా ఉక్కపోతలోకి తీసుకురాగానే నిమిషాల్లో దానికి చెమట పడుతుంది. గాలిలో తేమ చల్లటి చక్కెర మీద నీటి బిందువులుగా మారుతుంది. సింహం ముఖం జిగురుగా మెరుస్తుంది, ముదురు రంగులు పక్కకి పాకుతాయి. అప్పుడు చేయాల్సిందల్లా ముట్టుకోకుండా ఏసీ గదిలో ఫ్యాన్ గాలికి వదిలేయడం. చాలావరకు అదే ఆరిపోతుంది. టిష్యూతో అద్దితే మాత్రం ఆ మరక చెరగదు.

మొదటి ఫొటోలో ఇంకో రెండు సంగతులున్నాయి. పియొనీలు మన పూల మార్కెట్లో దొరకవు, వాటి బదులు గులాబీలో కార్నేషన్లో వాడాలి. పూల మార్కెట్లో దొరికే గులాబీలు తినడానికి పండించినవి కావు, వాటి మీద పురుగుమందు కొట్టి ఉంటారు. కాబట్టి కాడలకి టేప్ చుట్టి, స్ట్రాలో పెట్టి, కేకుకి నేరుగా తగలకుండా గుచ్చాలి. ఇంటి ముందు పూశాయి కదా అని గన్నేరు పూలు పెట్టడం మాత్రం వద్దే వద్దు. ఆ చెట్టులో అన్ని భాగాలూ విషమే.

రెండోది ఆ బంగారు మెరుపు. 2018లో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో పుట్టినరోజు కేకు తిన్న ఆరుగురు పిల్లలకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కేకు మీద పూసిన మెరుపు పొడిని పరీక్షిస్తే అది సన్నటి రాగి పొడి అని తేలింది. మరుసటి ఏడు మిస్సోరీ రాష్ట్రంలో ఏడాది బిడ్డ రక్తంలో సీసం ఎక్కువగా కనిపించింది. ఎక్కడినుంచి వచ్చిందా అని వెతికితే, కేకు అలంకరణకి వాడిన పసుపు రంగు పొడిలో పావు వంతు సీసమే ఉంది. ఈ రెండు సంఘటనలనూ 2021లో అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ ప్రకటించింది. డబ్బా మీద “నాన్ టాక్సిక్” అని ఉన్నంత మాత్రాన అది తినేది కాదు. తినే మెరుపు పొడి డబ్బా మీద “ఎడిబుల్” అన్న మాట, అందులో కలిపిన వాటి జాబితా, మన దేశంలో అయితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు ఉండాలి. బేకర్‌ని డబ్బా ఫొటో పంపమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఎన్ని స్టెప్పులు, ఎన్ని కేజీలు?

మొదటి ఫొటో చూసి “ఇదే మోడల్ రెండు కేజీల్లో చేయండి” అని అడిగేవాళ్లు ఎక్కువ. ఫొటోలో కొలతలు రాసి ఉండవు కాబట్టి ఇది సహజంగా వచ్చే ప్రశ్నే. మూడు స్టెప్పులంటే మామూలుగా 10, 8, 6 అంగుళాల వెడల్పులో మూడు కేకులు, ఒక్కొక్కటి 4 అంగుళాల ఎత్తు. మొత్తం కలిపి తూకం 6 నుంచి 7 కేజీలు వస్తుంది. రెండు కేజీల్లో మూడు స్టెప్పులు పెడితే పై స్టెప్పు మీద “1” అంకె నిలబెట్టడానికే చోటు చాలదు.

ఎత్తు దగ్గరే చాలా ఫొటోలు కంటిని మోసం చేస్తాయి. నెట్‌లో కనిపించే ఒక్క స్టెప్పు కేకులు చాలావరకు 5, 6 అంగుళాల ఎత్తువి. మనం ఆర్డర్ ఇచ్చే కేజీ కేకు సుమారు 7 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు ఉంటుంది. ఎత్తు సగమైతే గోడ మీద మూడు వరసల గులాబీలకి బదులు ఒకటిన్నర వరసే పడుతుంది. ఫొటోలో కేకు ఎత్తుని వెడల్పుతో పోల్చి చూడండి. రెండూ దాదాపు సమానంగా ఉంటే అది ఎత్తు కేకు. ఆ రూపం కావాలంటే వెడల్పు తగ్గించి ఎత్తు పెంచమని అడగాలి తప్ప, కేజీలు మాత్రమే చెబితే సరిపోదు.

ఇక తినేవాళ్ల లెక్క. భోజనాలు ఉన్న ఫంక్షన్‌లో ఒక్కొక్కరికి 70 గ్రాముల ముక్క చాలు. 70 మందికి 4.9 కేజీలు, అంటే 5 కేజీలు అనుకోవచ్చు. ఇదంతా అలంకరించిన కేకే అయి ఉండక్కర్లేదు. టేబుల్ మీద 3 కేజీల కేకు పెట్టి, అదే రుచిలో 2 కేజీల ప్లెయిన్ కేకుని లోపలే ముక్కలు కోసి పంచవచ్చు. అందరికీ ప్లేట్లు త్వరగా అందుతాయి, ఖర్చూ తగ్గుతుంది.

ఎత్తు కోసం థర్మోకోల్ డమ్మీ పెట్టించుకోవడం ఇంకో దారి. పేరున్న డిజైనర్ల ఫొటోల్లో, పోటీల కేకుల్లో లోపల ఉండేది చాలాసార్లు ఇదే. అందుకే వాటి గోడలు అంత నిటారుగా ఉంటాయి. డమ్మీ పెడితే ధర సగానికి సగం తగ్గుతుందనుకోవద్దు. కేకు ఖర్చు మిగులుతుంది కానీ, దాని మీద పూత, అలంకరణ, వాటికి పట్టే గంటలు అలాగే ఉంటాయి. ఏ స్టెప్పు డమ్మీయో ఫొటోగ్రాఫర్‌కీ, కత్తి పట్టుకునేవాళ్లకీ ముందే చెప్పాలి. లేకపోతే అందరి ముందూ పాప చేత థర్మోకోల్ కోయిస్తారు.

స్టెప్పులు ఎలా నిలబడతాయో తెలిస్తే ఏ ఫొటో మన దారుల మీద ప్రయాణం చేయగలదో తెలుస్తుంది. కింది కేకు పైదాన్ని మోయదు. మోసేవి లోపలి స్ట్రాలు. కింది కేకులోకి లావుపాటి గట్టి స్ట్రాని నిలువుగా అడుగుదాకా దించి, క్రీము ఎక్కడిదాకా వచ్చిందో గోటితో గుర్తు పెట్టి, బయటికి తీసి ఆ కొలతకి కోస్తారు. మిగిలిన మూడింటినీ సరిగ్గా అదే పొడవుకి కోసి, పై కేకు కూర్చునే వలయం లోపలే నాలుగు మూలలా దించుతారు. పై కేకు అడుగున దాని వెడల్పే ఉన్న గట్టి అట్ట బోర్డు ఉంటుంది. బరువు బోర్డు మీదికి, బోర్డు నుంచి స్ట్రాల మీదికి, వాటి నుంచి టేబుల్ మీదికి దిగుతుంది. ఒక స్ట్రా కొంచెం పొడవైతే పై స్టెప్పు ఒరుగుతుంది. అన్నీ పొట్టివైతే బరువంతా స్పాంజి మీదే పడుతుంది. అప్పుడు మొదట కనిపించే ఆనవాలు పైన ఉండదు. కింది స్టెప్పు గోడ నడుమ క్రీము చిన్న పొట్టలా బయటికి వస్తుంది. ఆ తర్వాత పగులు, ఆ తర్వాత ఒరగడం. ఇంటికి వచ్చిన కేకులో ఆ పొట్ట కనిపిస్తే వెంటనే పై స్టెప్పు తీసి పక్కన పెట్టించడమే మేలు.

రుచి ఎంపిక కూడా ఇక్కడే ముడిపడి ఉంది. కింది స్టెప్పుకి రసమలై, ట్రెస్ లెచెస్ లాంటి పాలలో నానిన కేకులు పనికిరావు. తాజా మామిడి ముక్కలు పొరలు పొరలుగా వేసినవీ అంతే. ఊరిన నీళ్లకి పొరలు జారతాయి. ఎగ్‌లెస్ స్పాంజి మామూలుగానే కొంచెం పొడిపొడిగా విరుగుతుంది కాబట్టి కింద గట్టి చాక్లెట్ స్పాంజి పెట్టుకుని, అంతగా నానబెట్టిన రుచులు కావాలంటే పంచే ప్లెయిన్ కేకులో పెట్టించుకోవచ్చు.

ఎన్ని గంటల చేతిపని?

డిజైన్ అందం చూసి పని అంచనా కట్టడం కష్టం. బాగా గంటలు తినే పని ఒక్కోసారి చాలా సాదాగా కనిపిస్తుంది. మచ్చ లేని తెల్లటి నున్నటి గోడ అలాంటిదే. దాని మీద ఏ తప్పూ దాచలేం. పూత, ఫ్రిజ్, మళ్లీ పూత, మళ్లీ ఫ్రిజ్. చుట్టూ క్రీము గులాబీలు నింపిన కేకు కంటికి గొప్పగా ఉంటుంది, కానీ స్టార్ నాజిల్ పట్టిన చేయి తిరిగినవాళ్లకి 8 అంగుళాల కేకు మీద అది ముక్కాలు గంట పని. లోపలి పూత కొంచెం వంకర ఉన్నా గులాబీలు కప్పేస్తాయి.

కాబట్టి లెక్క ఇలా వేయండి. ఫొటోలో విడిగా తయారు చేసి తెచ్చి అతికించినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. తర్వాత వాటిలో రకాలు ఎన్నో చూడండి. రకాలు పెరిగిన కొద్దీ పని పెరుగుతుంది. ఒకే కట్టర్‌తో తీసిన నలభై ఆకుల కన్నా నాలుగు వేర్వేరు జంతువులే ఎక్కువ సమయం పట్టేవి.

అడవి కేకులోని సింహాన్నే చూద్దాం. ఉత్త ఫాండెంట్‌తో బొమ్మ చేస్తే నిలబడదు. సీఎంసీ అనే పొడి కలిపితే ముద్ద గట్టిపడి ఆరుతుంది. మొదట ఒళ్లు చేసి కూర్చోబెట్టి ఒక రాత్రి ఆరనివ్వాలి. తడిగా ఉండగానే తల పెడితే ఒళ్లు కుంగిపోతుంది. తలని నిలపడానికి లోపల పళ్ల పుల్ల గుచ్చితే అది పిల్లల నోట్లోకి పోయే ప్రమాదం ఉంది, అందుకే తెలిసినవాళ్లు ఉడికించని స్పఘెట్టి పుల్ల గుచ్చుతారు. తర్వాత జూలు. సన్నటి చక్కెర రేకులు ఒక్కొక్కటే అంటించాలి. చివర్లో కళ్లు, ముక్కు, మూతి. కళ్లు అటూ ఇటూ అయితే సింహం కాస్తా పిల్లి అవుతుంది. ఆరబెట్టే సమయం కాకుండానే ఒక్క బొమ్మకి రెండు గంటలు. నాలుగు జంతువులకి ఎనిమిది. రెండు స్టెప్పుల ఫాండెంట్ కప్పడం, ఆకులు, పేరు అక్షరాలు కలిపితే ఇంకో నాలుగు. మొత్తం 12 గంటలకి తక్కువ కాదు. కోస్తాలో ఉక్క రోజుల్లో బొమ్మలు పూర్తిగా ఆరడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. మన చేతిలో ఉన్నవి 6 రోజులు. అదే వారం ఆవిడకి ఇంకో ఆర్డర్ లేకపోతేనే అవుతుంది.

కేకు తినేటప్పటి సంగతీ ఉంది. 8 అంగుళాల కేకు కప్పడానికి ముప్పావు కేజీ ఫాండెంట్ కావాలి, 6 అంగుళాలదానికి అర కేజీ. అంటే కేజీంబావు చక్కెర రేకు. దాన్ని ఒలిచి ప్లేటు అంచున పెట్టేవాళ్లే ఎక్కువ. కేజీ ధర చూస్తే మామూలుగా ఫాండెంట్ కేకు కూల్ కేకుకి దాదాపు రెట్టింపు పడుతుంది. ఆ డబ్బు చాలావరకు ఈ గంటలకే.

మూడో ఫొటోలో పని తక్కువ కానీ ఒక్క విషయం అడగాలి. ఆ సీతాకోకచిలుకలు దేనితో చేసినవి? తినే వేఫర్ పేపర్‌వి అయితే తడి క్రీముకి తగిలిన కాసేపటికే రెక్కలు ముడుచుకుంటాయి, కాబట్టి కోసే ముందు మాత్రమే పెట్టాలి. అట్టవి అయితే ముడుచుకోవు కానీ, కోసేముందు ఒక్కటి కూడా మిగలకుండా తీసేయాలి. ఏడాది పాప చేయి ముందు వాటి మీదికే వెళ్తుంది.

రంగు కూడా పనిలో భాగమే. లేత గులాబీ, లేత నీలం క్రీములో చుక్క జెల్ కలర్‌తో వచ్చేస్తాయి. ఫొటోలో ముదురు ఎరుపో, నలుపో ఉంటే చాలా రంగు పోయాలి. అప్పుడు క్రీము చేదెక్కుతుంది, పిల్లల నోళ్లు, బట్టలు రంగవుతాయి. నలుపు కావాలంటే చాక్లెట్ క్రీముతో మొదలుపెడితే రంగు తక్కువ పడుతుంది. ఎరుపుని రిబ్బన్‌లోనో, టాపర్‌లోనో పెడితే గొడవే లేదు.

నాలుగో ఫొటో సంగతి

కోట ఫొటోని పెద్దది చేసి చూడండి. కిటికీల్లో వెలుగు ఉంది కానీ వైరు లేదు. ఒక బురుజు కిందినుంచి మొదలై పైకి వెళ్లేసరికి ఇంకో బురుజులో కలిసిపోయింది. మెట్లు గోడ దగ్గర ఆగిపోయాయి. కేకు కింద బోర్డు లేదు. పూలు దేనికీ ఆనకుండా అతుక్కుని ఉన్నాయి. ఇది కంప్యూటర్‌లో తయారైన బొమ్మ. ఎవరూ దీన్ని చేయలేదు, ఎవరూ కోయలేదు. దీన్ని అచ్చం అలాగే చేయమని ఎవరికి ఆర్డర్ ఇచ్చినా నిరాశే. ఇలాంటి ఫొటో పనికిరాదని కాదు. రంగుల కలయిక నచ్చితే “రంగులు మాత్రం ఇందులోవి” అని చెప్పి పంపవచ్చు.

నిజంగా చేసిన కేకు ఫొటోకి కొన్ని ఆనవాళ్లుంటాయి. కింద బోర్డు, దాని అంచు, ఎక్కడో ఒక చిన్న లోపం, వెనక గోడో టేబులో. కోసిన ముక్క కనిపిస్తే ఇంకా మంచిది. అప్పుడు లోపల పొరలు, పూత మందం కూడా తెలుస్తాయి.

ఏది తీసుకోవాలి?

మొదటి ఫొటో మే నెల మేడకి పనికిరాదు. ఏసీ హాల్లో, డిసెంబర్లో, గనాష్‌తో అయితే ఆలోచించవచ్చు. రెండోది సాధ్యమే కానీ ధర, సమయం రెండూ అంచుమీద ఉన్నాయి. నాలుగోది రంగుల వరకే. మిగిలింది మూడోది. కానీ ఇంట్లోవాళ్లకి అడవి జంతువులు కావాలి, స్టెప్పులూ కావాలి. అలాంటప్పుడు ఒక ఫొటోనే పట్టుకుని వేలాడకుండా ఒక్కో ఫొటోలోంచి నిలబడగలిగే ఒక్కో అంశం తీసుకోవాలి.

రెండు స్టెప్పులు పెడదాం. కింద 8 అంగుళాలు, పైన 5. కింది కేకు రెండు కేజీలు, పైది ముప్పావు కేజీకి కొంచెం పైన. క్రీము, అలంకరణ కలిపితే మొత్తం 3 కేజీల దాకా వస్తుంది. కింద మూడో ఫొటోలోని క్రీము గులాబీలు, పైన నున్నటి తెల్ల క్రీము. చిన్న కేకు కాబట్టి నున్నగా చేయడం కష్టం కాదు. జంతువులు చక్కెరవి కాకుండా రెండు ప్లాస్టిక్ బొమ్మలు, సబ్బుతో కడిగి ఆరబెట్టి, కింద చిన్న అట్ట ముక్క వేసి పెట్టాలి. తర్వాత పాప ఆడుకోవడానికి పనికొస్తాయి. పాప నోట్లో పట్టేంత చిన్నవి మాత్రం వద్దు. సీతాకోకచిలుకలు మానేద్దాం, అడవి బొమ్మలతో కలవవు. దీనితో చేతిపని 12 గంటల నుంచి సుమారు రెండు గంటలకి దిగింది.

రెండు స్టెప్పులూ వేర్వేరు పెట్టెల్లో రావాలి. ఇంటికి వచ్చాకే పేర్చాలి. కారులో ఏసీ వేసి, కేకుని సీటు మీద కాకుండా కాళ్ల దగ్గర చదునైన చోట పెట్టాలి. సీటు వెనక్కి వాలి ఉంటుంది, ఆ వాలుకే క్రీము ఒక పక్కకి జరుగుతుంది. 6 గంటలకి తెచ్చి, కింద ఏసీ గదిలో పేర్చి, అక్కడే ఉంచి, హారతి పళ్లెం సిద్ధమయ్యాక మేడ మీదికి తీసుకెళ్లాలి. అక్కడ ఫొటోలకి, పాటకి, కోయడానికి అరగంట. ఆ అరగంటకి విప్పింగ్ క్రీమ్ నిలుస్తుంది. బంధువుల కోసం గంటసేపు మేడ మీద ఎదురు చూస్తే నిలవదు.

ఇదంతా ఫోనులో మాట్లాడి వదిలేయకుండా ఒక మెసేజ్‌గా పంపండి. ఇలా ఉంటే సరిపోతుంది:

“మేడమ్, మే 15, సాయంత్రం 7కి కటింగ్. 2 స్టెప్పులు, కింద 8 అంగుళాలు, పైన 5. రెండూ కేకే, డమ్మీ వద్దు. ఎగ్‌లెస్. కింద చాక్లెట్, పైన వెనిలా. విప్పింగ్ క్రీమ్. కింద 3వ ఫొటోలోలా గులాబీలు, రంగు లేత గులాబీ, లేత పచ్చ మాత్రమే. పైన నున్నగా తెలుపు. బొమ్మలు రెండు మేమే ఇస్తాం. ‘1’ అంకె టాపర్ మీది. మెరుపు పొడి వద్దు. విడిగా 2 కేజీల చాక్లెట్ ప్లెయిన్ కేకు, అలంకరణ అక్కర్లేదు. 6 గంటలకి మా ఇంట్లో పేర్చాలి. ఫొటోకి, మీరు చేసేదానికి ఎక్కడ తేడా వస్తుందో చెప్పండి.”

చివరి వాక్యం తప్పకుండా ఉంచండి. చేయి తిరిగినవాళ్లు దానికి సూటిగా జవాబిస్తారు: గులాబీలు ఫొటోలో కన్నా ఒక వరస తక్కువ పడతాయి, రంగు ఒక ఛాయ అటూ ఇటూ అవుతుంది, పై అంచు అంత పదునుగా ఉండదు. ఆ తేడాలు మీకు సమ్మతమైతే అడ్వాన్స్ పంపేయవచ్చు. “అచ్చం ఫొటోలోలాగే వస్తుంది, మీరేం కంగారు పడకండి” అన్న జవాబు మాత్రమే వస్తే ఇంకో ఫొటో అడగండి. అది నెట్‌లోది కాకూడదు. ఆవిడే విప్పింగ్ క్రీమ్‌తో చేసిన రెండు స్టెప్పుల కేకుది, ఎండాకాలంలో కస్టమర్ ఇంట్లో టేబుల్ మీద పెట్టాక ఫోన్‌తో తీసినది కావాలి. అలాంటిది ఒక్కటైనా పంపగలిగితే ఆర్డర్ ఇవ్వండి. లేదంటే ఒక్క స్టెప్పుకి మార్చుకోండి.